తవ్వమన్నది ఎవరు? రేటెంత? వేరియేషన్ వివాదం బోర్డు ముందుకు వెళ్లే తీరు

రోడ్లు, వంతెనలు కట్టే కాంట్రాక్టర్లను ఎవరిని కదిపినా ఒకే బాధ వినబడుతుంది. సైట్‌లో ఇంజనీరు చేయమన్నారు, చేశాం. తీరా బిల్లు పెట్టేసరికి అది మీ పనిలో భాగమే, వేరే డబ్బు లేదు అన్నారు. ఒప్పందంలో ఉన్న పనిని మార్చి చేయించడాన్నీ, లేని పనిని కలిపి చేయించడాన్నీ ఈ రంగంలో వేరియేషన్ అంటారు. నిర్మాణ వివాదాల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

అలాంటి వివాదం పెద్ద ప్రాజెక్టుల్లో నేరుగా కోర్టుకు పోదు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణాలతో జరిగే పనుల్లో ఎక్కువగా వాడేవి ఫిడిక్ తరహా ఒప్పందాలు. ఫిడిక్ అంటే కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య. 1913లో ఏర్పడింది, కార్యాలయం జెనీవాలో ఉంది. అది 1999లో వెలువరించిన రెడ్ బుక్ ప్రకారం వివాదం ముందుగా ఒకరు లేదా ముగ్గురు సభ్యులున్న అడ్జుడికేషన్ బోర్డుకు వెళ్లాలి. వివాదం అందిన 84 రోజుల్లో బోర్డు కారణాలతో సహా నిర్ణయం చెప్పాలి. బోర్డుకు వివాదాన్ని అప్పగిస్తూ రాసే పత్రమే రిఫరల్.

ఆ పత్రం ఎలా రాయాలన్నదే ఈ వ్యాసం విషయం. చాలా రిఫరల్స్ ఓడిపోవడానికి కారణం పని చేయకపోవడం కాదు, చేసిన పనిని చెప్పే తీరు. జరిగినదంతా తేదీల వారీగా, మొదటి రోజు నుంచి చివరి ఉత్తరం దాకా ఏకబిగిన చెప్పుకుంటూ పోతారు. బోర్డు సభ్యులకు కావలసింది అది కాదు. ఇక్కడ తేల్చాల్సిన ప్రశ్న ఏమిటి, దానికి ఒప్పందంలో ఏ క్లాజు వర్తిస్తుంది, రుజువు ఏది, ఏం ఇమ్మంటున్నారు? ఈ నాలుగూ ప్రతి అంశానికీ విడివిడిగా దొరకాలి.

ఒక ఉదాహరణ కల్పించుకుని దాన్ని చివరిదాకా చూద్దాం. 150 కోట్ల రూపాయల రోడ్డు పని. ఒకచోట 400 మీటర్ల పొడవున నల్లరేగడి నేల. గట్టు అడుగు వెడల్పు 25 మీటర్లు. డ్రాయింగ్ ప్రకారం అక్కడ అర మీటరు లోతు మెత్తటి మట్టి తీసి గ్రావెల్ పోయాలి. తవ్వకం నడుస్తుండగా మార్చి 4, సోమవారం నాడు రెసిడెంట్ ఇంజనీరు వచ్చి, నేల ఇంకా మెత్తగానే ఉందని చూసి, రెండు మీటర్ల దాకా తవ్వి అడుగున బండరాయి పరచమన్నారు. నోటితోనే చెప్పారు. కాంట్రాక్టరు అలాగే చేశాడు. అదనంగా తవ్విన లోతు ఒకటిన్నర మీటర్లు. అంటే 400ను 25తో, దాన్ని 1.5తో హెచ్చిస్తే 15,000 ఘనపు మీటర్ల మట్టి తీత, అంతే రాయి. కాంట్రాక్టరు రెండు కోట్లకు బిల్లు పెట్టాడు. ఇంజనీరు సున్నా రాశారు. డిపార్ట్‌మెంటు వాదన రెండు మెట్ల మీద నిలబడింది. ఇది అసలు వేరియేషనే కాదు. ఒకవేళ అయినా, ఒప్పందంలో ఉన్న తవ్వకం రేటు, గ్రావెల్ రేటు ప్రకారమే ఇస్తాం.

మొదటి అంశం ఇక్కడే పుట్టింది. ఆ మాట వేరియేషన్ ఆదేశమా, కాదా?

దీనికి సంబంధించిన క్లాజు 13.1. ఇంజనీరు ఆదేశించే దాకా, లేదా ఆమోదించే దాకా కాంట్రాక్టరు శాశ్వత పనుల్లో ఏ మార్పూ చేయకూడదని అది చెబుతుంది. డిపార్ట్‌మెంటు దాన్నే పట్టుకుంటుంది: రాతపూర్వక ఆదేశం ఏది? ఇక్కడ కాంట్రాక్టరును కాపాడేది క్లాజు 3.3. ఆదేశాలు సాధ్యమైనప్పుడల్లా రాతలో ఉండాలని చెబుతూనే, నోటిమాటకు అది ఒక దారి చూపింది. నోటితో ఆదేశం అందిన రెండు పనిదినాల్లో కాంట్రాక్టరు దాన్ని ధ్రువీకరిస్తూ ఉత్తరం రాయాలి. అది అందిన రెండు పనిదినాల్లో ఇంజనీరు కాదని రాయకపోతే, వేరే ఆదేశం ఇవ్వకపోతే, కాంట్రాక్టరు రాసిన ఉత్తరమే రాతపూర్వక ఆదేశం అయిపోతుంది. మన ఉదాహరణలో బుధవారం ఉత్తరం వెళ్లింది, అదే రోజు కార్యాలయం ముద్ర పడింది. శుక్రవారం గడిచినా జవాబు రాలేదు. అక్కడితో ఆదేశం ఖాయమైంది.

కానీ ఇంకో ముడి ఉంది. నోటితో చెప్పింది ఎవరు? ఒప్పందంలో ఇంజనీరు అంటే ఒక నిర్దిష్ట వ్యక్తి లేదా సంస్థ. సైట్‌లో తిరిగే రెసిడెంట్ ఇంజనీరు ఆయన సహాయకుడు మాత్రమే. క్లాజు 3.2 ప్రకారం ఇంజనీరు తన అధికారాన్ని సహాయకుడికి రాతలో అప్పగించాలి, ఆ కాగితం రెండు పక్షాలకూ అందాకే అది చెల్లుతుంది. ఈ అప్పగింత ఉత్తరాన్ని జతచేయకుండా పెట్టిన రిఫరల్‌కు అవతలి పక్షం ఇచ్చే మొదటి జవాబు ఊహించడం కష్టం కాదు: ఆయనకు ఆ అధికారమే లేదు. ఉత్తరంలో ఏయే అధికారాలు ఇచ్చారో కూడా చదవాలి. పని నాణ్యత చూసే అధికారం ఇచ్చి, వేరియేషన్ ఆదేశించే అధికారం మినహాయించి ఉండవచ్చు. అలాంటప్పుడు ధ్రువీకరణ ఉత్తరాన్ని రెసిడెంట్ ఇంజనీరుకు కాకుండా నేరుగా ఇంజనీరుకే పంపి ఉంటే కాంట్రాక్టరు గట్టిన పడతాడు, ఎందుకంటే మౌనంగా ఉన్నది అధికారం ఉన్న మనిషి.

ఈ అంశం మీద రిఫరల్‌లో ఉండాల్సిన పేరా ఎలా ఉంటుందో చూడండి.

"14. మార్చి 4న 400 మీటర్ల భాగంలో తవ్వకాన్ని 0.5 మీటరు నుంచి 2 మీటర్లకు పెంచి, అడుగున 1.5 మీటర్ల మందాన రాయి పరచాలని రెసిడెంట్ ఇంజనీరు నోటితో ఆదేశించారు. వేరియేషన్లు ఆదేశించే అధికారం ఆయనకు క్లాజు 3.2 కింద ఇచ్చిన ఉత్తరం అనుబంధం 3. కాంట్రాక్టరు క్లాజు 3.3 కింద మార్చి 6న ధ్రువీకరించారు (అనుబంధం 4). మార్చి 8 ముగిసేలోగా తిరస్కరణ గానీ, వేరే ఆదేశం గానీ రాలేదు. కాబట్టి అనుబంధం 4 ఇంజనీరు రాతపూర్వక ఆదేశం అవుతుంది. అది శాశ్వత పనుల్లో మార్పు కనుక క్లాజు 13 వర్తిస్తుంది."

ఇందులో కోపం లేదు, అన్యాయం అన్న మాట లేదు. ప్రతి వాక్యానికీ ఒక కాగితం ఉంది, లేదా ఒక క్లాజు ఉంది. పేరాకు అంకె వేయడం చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, అవతలి పక్షం "పేరా 14లో మూడో వాక్యాన్ని కాదంటున్నాం" అని జవాబివ్వక తప్పని పరిస్థితి దాని వల్లే వస్తుంది. దేన్ని కాదంటున్నారో తెలిస్తే సగం వివాదం అక్కడే కుంచించుకుపోతుంది.

రెండో అంశం రేటు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే కోటి రూపాయల తేడా దీని మీదే తేలుతుంది.

వేరియేషన్ విలువ కట్టే నియమం క్లాజు 12.3. ఒప్పందంలో ఆ ఐటెంకు రేటు ఉంటే ఆ రేటే. లేకపోతే అలాంటి పనికి ఉన్న రేటు. ఆదేశించిన పనికి ఒప్పందంలో రేటే లేక, పని స్వభావం గానీ చేసిన పరిస్థితులు గానీ వేరైనందువల్ల ఉన్న ఏ రేటూ నప్పకపోతే, అప్పుడు కొత్త రేటు కట్టాలి. దగ్గరగా ఉన్న రేట్లను తగినట్టు సవరించి కడతారు. అలాంటివేవీ లేకపోతే సమంజసమైన ఖర్చుకు సమంజసమైన లాభం కలిపి కడతారు.

పరిమాణం పెరిగితే కొత్త రేటు అడగడానికి ఇదే క్లాజులో ఇంకో దారి ఉంది. పరిమాణం 10 శాతానికి మించి మారాలి, ఆ మార్పు విలువ ఒప్పంద మొత్తంలో 0.01 శాతం దాటాలి, ఆ మార్పు వల్లనే యూనిట్ ఖర్చు ఒక శాతానికి పైగా మారాలి, ఆ ఐటెంకు స్థిర రేటు అని ఒప్పందంలో రాసి ఉండకూడదు. తవ్వకం 15,000 ఘనపు మీటర్లు పెరిగింది కదా అని చాలామంది ఈ దారి పడతారు. మన కేసులో అది తప్పు దారి. లోతుకు పోయిన కొద్దీ నీరు ఊరింది, పంపులు పెట్టాల్సి వచ్చింది, అందుకే ఖర్చు పెరిగింది. కారణం లోతు, పరిమాణం కాదు. పరిమాణం వల్లనే ఖర్చు మారాలన్న షరతు దగ్గర ఈ వాదన కూలిపోతుంది.

మరి గెలిచే దారి ఎక్కడుంది? బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో తవ్వకం ఐటెం వర్ణన చదవాలి. మన ఉదాహరణలో అక్కడ "ఒక మీటరు లోతు వరకు" అని ఉంది, రేటు ఘనపు మీటరుకు 180 రూపాయలు. అంటే అర మీటరు నుంచి ఒక మీటరు దాకా తవ్విన 5,000 ఘనపు మీటర్లకు ఒప్పందంలో రేటు ఉంది. దానికి ఎక్కువ అడగకూడదు. 9 లక్షలు. ఒక మీటరు దాటి తవ్విన 10,000 ఘనపు మీటర్లకు ఒప్పందంలో ఐటెమే లేదు, నీళ్లలో తవ్విన పరిస్థితి కూడా వేరు. దీనికి 180ని ఆధారంగా తీసుకుని, పంపులు, బురద మట్టి ఎత్తే అదనపు యంత్ర సమయం కలిపి 260 కట్టారు. 26 లక్షలు. రెండూ కలిపి తవ్వకానికి 35 లక్షలు.

మొత్తం 15,000కూ 260 చొప్పున అడిగి ఉంటే 39 లక్షలు వచ్చేది. ఆ నాలుగు లక్షలు వదిలేయడం నష్టంలా అనిపించవచ్చు. నా అభిప్రాయంలో రిఫరల్‌లో కాంట్రాక్టరు తీసుకునే మంచి నిర్ణయాల్లో అదొకటి. తనకు ప్రతికూలంగా ఉన్న క్లాజును తానే చదివి, తానే అమలు చేసిన పక్షాన్ని బోర్డు మిగతా లెక్కల్లోనూ నమ్ముతుంది.

రాయి సంగతి ఇంతకన్నా తేలిక. బండరాయి పరిచే ఐటెం ఒప్పందంలో లేదు. డిపార్ట్‌మెంటు గ్రావెల్ రేటు 450 చూపిస్తుంది. గ్రావెల్, క్వారీ రాయి ఒకే స్వభావం పనులు కావు. వనరు వేరు, రవాణా వేరు, రోలింగ్ పద్ధతి వేరు. కాబట్టి ఖర్చు మీద కట్టాలి. పరిచి గట్టిపరచిన ఘనపు మీటరుకు క్వారీ ధర 520, రవాణా 310, పరచడం, రోలింగ్ 130, ఓవర్‌హెడ్ 40, కలిపి 1,000. పది శాతం లాభంతో 1,100. 15,000 ఘనపు మీటర్లకు 1 కోటీ 65 లక్షలు. తవ్వకంతో కలిపితే సరిగ్గా రెండు కోట్లు. డిపార్ట్‌మెంటు చెప్పే రేట్లతో కడితే తవ్వకానికి 27 లక్షలు, నింపడానికి 67.5 లక్షలు, మొత్తం 94.5 లక్షలే వస్తాయి.

ఉన్న రేటు గిట్టుబాటు కాలేదన్నంత మాత్రాన కొత్త రేటు రాదు, తప్పుగా వేసిన రేటయినా సరే. ఈ విషయం మీద ఇంగ్లండ్‌లో హెన్రీ బూట్, ఆల్‌స్టమ్ సంస్థల మధ్య నడిచిన కేసును ఈ రంగంలో వారు తరచూ చెప్పుకుంటారు. వేల్స్‌లోని కానాస్ కీ దగ్గర విద్యుత్ కేంద్రం పని అది. షీట్ పైలింగ్ రేటులో పొరపాటు దొర్లింది, అయితే ఈసారి కాంట్రాక్టరుకు లాభం చేకూర్చే పొరపాటు. వేరియేషన్ విలువకూ ఆ రేటునే వాడాలని కాంట్రాక్టరు, వాడటం అన్యాయమని అవతలి పక్షం వాదించాయి. రేటులో పొరపాటుందన్న కారణంతో దాన్ని పక్కన పెట్టకూడదని 2000లో అప్పీలు కోర్టు మెజారిటీతో తేల్చింది. అది వేరే ఒప్పంద రూపం కింద నడిచిన కేసే అయినా తర్కం ఇక్కడా పనికొస్తుంది. రేటు ఎవరికి మేలు చేస్తుందన్నది ప్రశ్న కాదు; ఆ పనికి అది వర్తిస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

రేటు గెలిచినా పరిమాణం దగ్గర ఓడిపోయేవాళ్లున్నారు. రాయి ఎంత పడిందో టిప్పర్ల లెక్కతో చూపిస్తారు. టిప్పర్‌లో రాయి వదులుగా ఉంటుంది, గట్టులో రోలింగ్ అయ్యాక దగ్గరకు అణుగుతుంది. ట్రిప్పు షీట్ల మొత్తం ఎప్పుడూ గట్టులో ఉన్నదాని కన్నా ఎక్కువే చూపిస్తుంది. బోర్డు ముందు నిలిచేది ఉమ్మడిగా తీసిన లెవెల్స్. తవ్వకం అడుగు చేరాక ఒకసారి, రాయి పరిచాక ఇంకోసారి, ప్రతి పది ఇరవై మీటర్లకూ అడ్డకోతల్లో లెవెల్స్ తీసి, ఆ కాగితాల మీద రెసిడెంట్ ఇంజనీరు సిబ్బంది సంతకం ఉండాలి. రాయి మీద గ్రావెల్ పోశాక అడుగు లెవెల్ ఎవరూ తీయలేరు. మళ్లీ తవ్వి చూపడానికి గట్టు అక్కడ ఉండదు, రోడ్డు ఉంటుంది. అందుకే సంతకం పెట్టడానికి ఇంజనీరు మనుషులు రాకపోతే రమ్మని పిలిచిన ఉత్తరమైనా ఫైల్లో ఉండాలి.

మూడో అంశం గడువు. ఇక్కడ కాంట్రాక్టరు చేతులు అంత శుభ్రంగా లేవు. రాయి క్వారీ నుంచి రోజుకు 600 ఘనపు మీటర్లకు మించి రాలేదు, అంటే 25 రోజులు పట్టింది. ఆ భాగంలో గట్టు పని మార్చి 20న మొదలు కావాల్సింది, రాయి పూర్తికాక ఆగింది. వేరియేషన్ వల్ల జాప్యం అయితే క్లాజు 8.4 కింద గడువు పెంపు వస్తుంది. కానీ క్లాజు 20.1 ప్రకారం, ఆ సంగతి తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే హక్కే పోతుంది. కాంట్రాక్టరు మార్చి 6 ఉత్తరంలో గడువు మాట ఎత్తలేదు. ఏప్రిల్ 10న ఎత్తాడు. ఆదేశం నాటి నుంచి లెక్కేస్తే 37 రోజులు.

ఇది దాచలేని లోపం. దాన్ని రిఫరల్‌లో ముందే చెప్పి, ఉన్న ఒక్క వాదననూ పెట్టాలి. జిబ్రాల్టర్ విమానాశ్రయం దగ్గరి రోడ్డు, సొరంగం పనిపై ఒబ్రాస్కోన్ అనే స్పానిష్ సంస్థ వేసిన కేసులో ఇంగ్లండ్ జడ్జి ఏకెన్‌హెడ్ 2014లో ఈ క్లాజుల మాటలను విడదీసి చదివారు. జాప్యం "అవుతోంది లేదా అవుతుంది" అని 8.4 అంటోంది కాబట్టి, జాప్యం నిజంగా మొదలైనప్పటి నుంచి కూడా 28 రోజులు లెక్కించవచ్చని ఆయన అన్నారు. ఆ లెక్కన మార్చి 20 నుంచి ఏప్రిల్ 10కి 21 రోజులే. వాదన నిలుస్తుంది, కానీ గ్యారంటీ లేదు. మొదటి అంచె కోర్టు తీర్పు అది, మన దేశంలో ఎవరినీ కట్టిపడేయదు. గడువు అడిగేది కూడా 25 రోజులే కావాలి. ఉత్తరంలో 60 అని రాసేశాం కదా అని రిఫరల్‌లోనూ 60 అడిగితే, మొదటి రెండు అంశాల్లో సంపాదించిన నమ్మకం పోతుంది.

చివరికి కోరే ఉపశమనం. విచిత్రంగా చాలా రిఫరల్స్‌లో అన్నిటికన్నా బలహీనంగా ఉండేది ఈ పేజీయే. "న్యాయం చేయగలరు" అని ముగిస్తారు. అడగనిది బోర్డు ఇవ్వలేదు. మన కేసులో అడగాల్సినవి: మార్చి 4 ఆదేశం క్లాజు 13 కింద వేరియేషన్ అని ప్రకటించాలి, దాని విలువ రెండు కోట్లని, లేదా బోర్డు తగినదనుకున్న మరో మొత్తమని నిర్ణయించాలి, డిపార్ట్‌మెంటు దాన్ని చెల్లించాలి, గడువు 25 రోజులు పెంచాలి, చెల్లింపు ఆలస్యానికి క్లాజు 14.8 కింద వడ్డీ ఇవ్వాలి. "లేదా మరో మొత్తం" అన్న మాట లేకపోతే, రాయి రేటు 1,100 కాదు 1,020 అని బోర్డుకు అనిపించినప్పుడు, మీరడిగింది రెండు కోట్లు మాత్రమే, అది రుజువు కాలేదు గనుక ఏమీ రాదు అని వాదించే అవకాశం అవతలి పక్షానికి దొరుకుతుంది. ప్రతి కోరిక పక్కన అది ఏ అంశం నుంచి, ఏ పేరాల నుంచి వచ్చిందో రాస్తే బోర్డు నిర్ణయం రాసుకోవడానికి కూడా అదే చట్రం దొరుకుతుంది.

బోర్డు నిర్ణయం వచ్చాక నచ్చని పక్షం 28 రోజుల్లో అసంతృప్తి నోటీసు ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే అది అంతిమం. నోటీసు ఇచ్చినా, ఆర్బిట్రేషన్‌లో మారేదాకా రెండు పక్షాలూ నిర్ణయాన్ని పాటించాలి. పాటించకపోతే? బ్రిటన్‌లో 1996 నాటి చట్టం నిర్మాణ ఒప్పందాలకు 28 రోజుల అడ్జుడికేషన్ హక్కునిచ్చింది, 1999లో మాకాబ్ కేసు నుంచి అక్కడి కోర్టులు ఆ నిర్ణయాలను త్వరగా అమలు చేయిస్తున్నాయి. ఫిడిక్ బోర్డు నిర్ణయానికి వెనక అలాంటి చట్టం లేని చోట దారి పొడవు. ఇండోనేషియాలో గ్యాస్ పైప్‌లైన్ పనిపై 2008లో ఫిడిక్ బోర్డు కాంట్రాక్టరుకు కోటీ డెబ్బై లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని అమలు చేయించుకోవడానికి వారు రెండు ఆర్బిట్రేషన్లు నడిపి, సింగపూర్ అత్యున్నత కోర్టు తీర్పు కోసం 2015 దాకా ఆగాల్సి వచ్చింది.

అయినా బోర్డు ముందు గెలిచిన పత్రమే తర్వాతి మెట్లలోనూ పునాది. ఇప్పుడు సైట్‌లో ఉన్న కాంట్రాక్టర్లకు, వారి దగ్గర పనిచేసే యువ ఇంజనీర్లకు నేను చెప్పేది ఒక్కటే: ఈ సాయంత్రం నోటితో ఏ మార్పు చెప్పినా, దాన్ని రెండు పనిదినాల్లో ఉత్తరంగా ఇంజనీరుకే పంపండి, అదే ఉత్తరంలో గడువు, డబ్బు రెండిటి మాటా రాయండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.